యూకే యంగ్ ప్రొఫెషనల్స్ వీసా: బ్యాలెట్ తగిలినాక రోజులు లెక్కబెట్టుకోవాల

ప్రశ్న: అక్కా అన్నా తెలిసినోళ్ళు ఎవరైనా చెప్పండి. మాది పుత్తూరు, బీటెక్ మెకానికల్, శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీలో చేస్తున్నా, వయసు 29. పెళ్ళయింది, పిల్లలు లేరు. తిరుపతిలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు యూకే యూత్ వీసా కన్ఫర్మ్‌గా తెప్పిస్తాం, రెండేళ్ళు ఏ పనైనా చేసుకోవచ్చు, లక్షన్నర కట్టు అంటున్నారు. ఇది నిజమేనా? మొత్తం ఎంత అవుతుంది? అక్కడ నిజంగా నా ఫీల్డులో అనుభవం వస్తుందా లేక గోడౌన్లో డబ్బాలు మోయడమేనా?

జవాబు:

తమ్ముడూ, నేను ఈ వీసా మీదనే 2023లో పోయి 2025లో తిరిగొచ్చినాను. పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎంకాం చేసి, చెన్నైలో మూడేళ్ళు అకౌంట్స్ పని చేసి, ఆడ లీడ్స్‌లో రెండేళ్ళున్నా. ఇప్పుడు తిరుపతిలోనే ఉండి బెంగళూరు కంపెనీకి పని చేస్తున్నా. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు ఆ లక్షన్నర సంగతి. ఎవరికీ ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఇది 2023లో మొదలైన ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్, సంవత్సరానికి 3,000 మందికి, సంవత్సరంలో రెండుసార్లు ఫిబ్రవరిలో ఒకసారి జూలైలో ఒకసారి బ్యాలెట్ పెడతారు. బ్యాలెట్ అంటే చీట్లెత్తడమే, కంప్యూటరే ఎత్తుతాది. గవర్నమెంటు సైటు gov.uk లో రెండు రోజుల పాటు ఫారం తెరిచి పెడతారు, దాంట్లో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ వివరాలు, పాస్‌పోర్ట్‌ని తీసిన ఫొటో లేదా స్కాన్, ఫోన్ నంబరు, ఈమెయిలు ఇస్తే చాలు, పది నిమిషాల పని, పూర్తిగా ఉచితం. ముందు వేసినోళ్ళకి ముందు అని ఏమీ లేదు, మొదటి నిమిషంలో వేసినా ఆఖరి గంటలో వేసినా ఒకటే. ఇట్లాంటి దాన్ని కన్ఫర్మ్‌గా తెప్పిస్తామనేది ఎవరి చేతిలోనూ లేదు. వాళ్ళు చేసేదేందంటే పది మంది పేర్లు వేస్తారు, ఒకరికి తగిలితే అది మా గొప్పే అంటారు. ఇంకో ప్రమాదం, ఫారంలో నీ ఈమెయిలు బదులు వాళ్ళ ఈమెయిలు పెడతారు, రెండు వారాల్లోపల వచ్చే రిజల్టు మెయిలు వాళ్ళకే పోతాది, అది నీకు చూపించడానికి మళ్ళీ డబ్బులడుగుతారు. నీ ఫోన్లో నువ్వే వేసుకో, నీ సొంత మెయిలు పెట్టుకో, ఆ రెండు వారాలు స్పామ్ ఫోల్డరు కూడా చూసుకుంటా ఉండు. తగలకపోతే వచ్చే బ్యాలెట్‌లో మళ్ళీ వెయ్యొచ్చు.

నీ పరిస్థితికి అర్హత ఉందా అంటే ఉంది. 18 నుంచి 30 లోపల ఉండాల, డిగ్రీ పూర్తయుండాల, నీ మీద ఆధారపడిన 18 ఏళ్ళలోపు పిల్లలు ఉండకూడదు. శానా మంది ఈ పిల్లల రూలు చూసుకోకుండా పేరు వేసి, తగిలినాక బాధపడతారు, నీకా సమస్య లేదు కాబట్టి సరే. కానీ ఒకటి గట్టిగా తెలుసుకో, ఈ వీసా మీద భార్యని డిపెండెంట్‌గా తీసుకుపోయేదానికి లేదు. మీ ఆవిడకి కూడా డిగ్రీ ఉండి వయసు సరిపోతే తను విడిగా తన పేరు వేసుకోవాల, ఇద్దరికీ తగిలితే ఇద్దరూ పోతారు, ఒకరికే తగిలితే రెండేళ్ళు విడిగా ఉండాల. ఇది ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, తగిలినాక కాదు.

ఇప్పుడు అసలు విషయం. అందరూ బ్యాలెట్ తగలడమే కష్టం అనుకుంటారు, నేను చూసినంతలో తగిలినోళ్ళు కూడా తర్వాత రోజుల లెక్క తప్పి డబ్బో టైమో పోగొట్టుకుంటున్నారు. ఈ వీసా అంతా రోజుల మీద నడుస్తాది.

మా చిన్నాయన కొడుకు కథ చెప్తా, వాడిది చంద్రగిరి, 2025 ఫిబ్రవరి బ్యాలెట్‌లో తగిలింది. మెయిలు వచ్చినాక వీసాకి అప్లై చేసేదానికి మామూలుగా 90 రోజులు టైమిస్తారు (నా టైములో 30 రోజులే ఉండె). అప్లై చేసేటప్పటికి నీ సొంత అకౌంట్లో 2,530 పౌండ్లకి సమానమైన డబ్బు వరుసగా 28 రోజులు ఉన్నట్టు చూపించాల, ఆ 28వ రోజు అప్లై చేసే తేదీకి 31 రోజులకంటే ముందుది కాకూడదు. వీడు పౌండు 112 రూపాయలని లెక్కేసుకున్నాడు, అంటే 2,83,360 రూపాయలు. మా చిన్నాయన చీటీ పాడి మార్చి 10న 3,10,000 వాడి అకౌంట్లో వేసినాడు. ఆడికి బాగానే ఉంది, ఏప్రిల్ 6కి 28 రోజులు నిండుతాయి, 7న అప్లై చేసేయొచ్చు. కానీ అదే అకౌంటుకి క్రెడిట్ కార్డు ఆటో డెబిట్ పెట్టుండాడు. మార్చి 27న 40,000 కట్ అయింది, బ్యాలెన్సు 2,70,000కి పడింది. ఒక్క రోజైనా తగ్గిందంటే అంతకుముందు ఉన్న రోజులన్నీ పోయినట్టే, మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు. వాడు ఏప్రిల్ 2న డబ్బు నింపినాడు, ఏప్రిల్ 29కి 28 రోజులు పూర్తయినాయి, స్టేట్‌మెంట్ తీసుకుని మే 2న అప్లై చేసినాడు. ఈలోపల ఏప్రిల్ 9న వీసా ఫీజు 298 పౌండ్ల నుంచి 319కి పెరిగింది, ఆ తేడా కూడా వాడి నెత్తినే పడింది. 90 రోజుల టైముండబట్టి బతికిపోయినాడు, నాకిచ్చిన 30 రోజుల్లో ఇట్ల జరిగుంటే వీసా అవకాశమే పోయుండేది.

అందుకని నేనేం చెప్తానంటే, బ్యాలెట్ పేరు వేసిన రోజే ఒక కొత్త సేవింగ్స్ అకౌంటు నీ ఒక్కడి పేరు మీద తెరువు, దానికి యూపీఐ లింకు చెయ్యొద్దు, ఈఎమ్ఐ పెట్టొద్దు, ఏటీఎం కార్డు బీరువాలో పెట్టు. దాంట్లో కనీసం 3,20,000 దాకా వేసి పెట్టు. ఎందుకు ఎక్కువంటే, రూపాయల్ని పౌండ్లలోకి మార్చి చూసేటప్పుడు వాళ్ళు అప్లై చేసిన రోజు రేటు చూస్తారు, నువ్వు డబ్బు వేసిన రోజు రేటు కాదు, మన రూపాయి కొంచెం పడినా లెక్క తేడా వస్తాది. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, పీఎఫ్ చూపించడానికి కుదరదు, అడిగిన వెంటనే తీసుకోగలిగే డబ్బై ఉండాల. నాయన అకౌంట్లో ఉంది కదా అంటే కూడా చెల్లదు, నీ పేరు మీదే ఉండాల. నాయన ఇచ్చిన డబ్బయితే ఆయన చేత ఒక లెటరు రాయించి పెట్టుకో, ఎక్కడిదీ అని అడిగితే ఉంటాది.

ఇప్పుడు మొత్తం ఎంత అనేది. శానా మంది మూడు లక్షలుంటే చాలు అనుకుంటారు, అది చూపించేదానికి మాత్రమే, కట్టేది వేరే ఉంది. 2025 లెక్కన చెప్తా, వీసా ఫీజు 319 పౌండ్లు. దాని మీద ఆసుపత్రి సర్‌చార్జి సంవత్సరానికి 776 పౌండ్లు, రెండేళ్ళకి 1,552, ఇది అప్లై చేసేటప్పుడే మొత్తం ఒకేసారి కట్టాల. రెండూ కలిపి 1,871 పౌండ్లు, 112 రేటుకి 2,10,000 దగ్గర్లో అవుతాది. ఇది వేరే అకౌంటు నుంచి కట్టు, ఆ 28 రోజుల అకౌంటు జోలికి పోవద్దు. దీనికి తోడు టీబీ టెస్టు, పోలీసు క్లియరెన్సు, ఫ్లైటు టికెట్టు. కాబట్టి చూపించేదీ కట్టేదీ కలిపి అయిదున్నర లక్షలు చేతిలో ఉంటేనే బ్యాలెట్‌లోకి దిగు. వీసా రిజెక్ట్ అయితే సర్‌చార్జి వెనక్కి ఇస్తారు, ఫీజు మాత్రం ఇవ్వరు.

టీబీ టెస్టు వాళ్ళు ఆమోదించిన క్లినిక్కుల్లోనే చేయించుకోవాల, లిస్టు ఆ సైట్లోనే ఉంటాది, మనకి దగ్గరంటే చెన్నై. రుయా ఆసుపత్రిలో తీయించిన ఎక్స్‌రే పట్టుకుపోతే పనికిరాదు. సర్టిఫికెట్టు ఆరు నెలలు చెల్లుతాది. వేలిముద్రలకీ చెన్నైకే పోవాల కాబట్టి రెండు పనులూ దగ్గర దగ్గర రోజుల్లో పెట్టుకుంటే పొద్దున రైలుకి పోయి రాత్రికి వచ్చేయొచ్చు. పోలీసు క్లియరెన్సు పాస్‌పోర్ట్ సేవా ద్వారా వస్తాది, దానికి తిరుపతిలోనే కేంద్రం ఉంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు. అప్లికేషన్‌లో ఏ తేదీకి ప్రయాణం అని అడుగుతారు, వీసా ఆ తేదీ నుంచి మొదలవుతాది. అప్లై చేసిన ఆరు నెలల్లోపల ఆడ దిగాల, కానీ 24 నెలల గడియారం వీసా తేదీ నుంచే తిరుగుతాది, నువ్వు విమానం ఎక్కినప్పటి నుంచి కాదు. నేను తొందరపడి అప్లై చేసిన రెండు నెలలకే తేదీ పెట్టినాను. అప్పటికి నేను చెన్నైలో చేసే కంపెనీలో నోటీసు పీరియడ్ 90 రోజులు. వీసా చేతికి రాకుండా రిజైన్ చెయ్యడం భయం, వచ్చినాక రిజైన్ చేస్తే మూడు నెలలు వదలరు. మేనేజరు కాళ్ళావేళ్ళా పడితే కొన్ని రోజులు తగ్గించినారు గానీ వీసా మొదలైన అయిదు వారాలకి గానీ నేను లీడ్స్‌లో దిగలేకపోయినా. రెండేళ్ళ కోసం సర్‌చార్జి మొత్తం కట్టి, అయిదు వారాలు మదనపల్లెలో మా అమ్మమ్మ ఇంట్లో, చెన్నై హాస్టల్లో గడిపినట్టయింది. ఈ వీసాకి పొడిగింపు లేదు, రెండోసారి ఇవ్వరు, పోయిన వారం పోయినట్టే. నువ్వు ముందు మీ అపాయింట్‌మెంట్ లెటరు తీసి నోటీసు ఎంతో చూడు. రెండు నెలలైతే, వీసా నిర్ణయానికి ఒక నెల అనుకుని, అప్లై చేసిన రోజు నుంచి మూడున్నర నాలుగు నెలలకి ప్రయాణం తేదీ పెట్టు. వీసా వచ్చినాకే రిజైన్ చెయ్యి.

ఇక నీ చివరి ప్రశ్న, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది అదే. డబ్బాలు మోయడమేనా అంటే, నువ్వు మొదటి రెండు నెలలు ఎట్ల గడుపుతావనే దాన్ని బట్టి ఉంటాది.

నీతో తీసుకుపోయే 2,530 పౌండ్లు ఎన్నాళ్ళొస్తాయో చూడు. నాకు లీడ్స్‌లో షేరింగ్ ఇంట్లో ఒక గది నెలకి 520 పౌండ్లకి దొరికింది. ఇంగ్లండులో అడ్వాన్సు అయిదు వారాల అద్దెకి మించి తీసుకోకూడదని చట్టం ఉంది, అయిదు వారాలంటే 600. మొదటి నెల అద్దె, అడ్వాన్సు కలిపి 1,120 దిగిన వారంలోనే పోయినాయి. మిగిలిన 1,410లో తిండి, బస్సు, చలికోటు, ఫోను, రెండో నెల అద్దె. అంటే ఉద్యోగం లేకుండా గట్టిగా రెండు నెలలు. లండన్‌లో అయితే అంత కూడా రాదు. శానా మంది ఆ భయంతోనే దొరికిన గోడౌన్ షిఫ్టులో చేరి, షిఫ్టులు అయిపోయినాక అలిసిపోయి అప్లికేషన్లు వెయ్యలేక, సంవత్సరం గడిచినాక చూసుకుంటారు. అందుకే నేను చెప్పేది, చూపించిన డబ్బు కాకుండా ఇంకో లక్ష, లక్షన్నర తీసుకుపోగలిగితే తీసుకుపో, అది నీకు ఇంకో నెలన్నర నీ ఫీల్డులో వెతుక్కునే టైము కొనిపెడతాది. కుదరకపోతే వారంలో మూడు రోజులు మాత్రమే షిఫ్టులు చెయ్యి, మిగతా రోజులు అప్లికేషన్లకి వదులు.

ఉద్యోగాలకి అప్లై చేసేటప్పుడు నాకు మొదటి నెలంతా ఒక్క ఫోనూ రాలేదు, ఎందుకో తర్వాత అర్థమయింది. ప్రతి ఫారంలో స్పాన్సర్‌షిప్ కావాలా అని అడుగుతారు. నేను రెండేళ్ళ తర్వాత కావాల్సి వస్తాదేమో అని అవునని పెడతా ఉంటి, అవునంటే చాలా కంపెనీలు ఆడికాడికే తీసి పక్కన పెట్టేస్తారు. ఈ వీసాకి స్పాన్సర్ అవసరమే లేదు, అదే దీని అసలు బలం. ప్రశ్న ఇప్పుడు కావాలా అని ఉంటే లేదని పెట్టు. ఇప్పుడు గానీ ముందుముందు గానీ అని అడిగితే అబద్ధం ఆడొద్దు, ఫలానా నెల దాకా స్పాన్సర్ లేకుండా పని చేసే హక్కు ఉంది అని కవర్ లెటర్లో మొదటి వాక్యంగా రాయి, రెజ్యూమె పైన పేరు కింద కూడా అదే రాయి. ఈ వీసా పేరు తెలియని హెచ్ఆర్లు ఉంటారు, వాళ్ళకి వీసా గురించి క్లాసు పీకక్కర్లేదు, నీ ఇ-వీసా అకౌంటు నుంచి షేర్ కోడ్ తీసి ఇస్తే గవర్నమెంటు సైట్లో వాళ్ళే చూసుకుంటారు, నీకు ఏ తేదీ దాకా పని హక్కు ఉందో ఆడ కనిపిస్తాది.

ఇంకోటి, పర్మనెంట్ ఉద్యోగాల వెంట పడి టైము పోగొట్టుకోవద్దు. ఇరవై నెలల్లో పోయే మనిషిని పర్మనెంట్‌గా తీసుకోవడానికి వాళ్ళు వెనకాడతారు, అదే పన్నెండు నెలల కాంట్రాక్టు అయితే నీ వీసా వాళ్ళకి అడ్డమే కాదు. ఆడ ఉద్యోగి ప్రసవానికి పోతే దాదాపు సంవత్సరం దాకా సెలవు ఉంటాది, ఆ కుర్చీలోకి ఒకరిని టెంపరరీగా తీసుకుంటారు, దాన్ని మెటర్నిటీ కవర్ అంటారు. నేను ముందు ఒక ఏజెన్సీ ద్వారా ఆరు వారాలు బిల్లులు చూసే పనిలో చేరినా, తర్వాత అదే ఆఫీసులో ఒకామె ప్రసవానికి పోతే పదకొండు నెలలు ఆమె పని నాకిచ్చినారు. ఆమె పనంతా ఆమె చేసే స్థాయిలోనే చేసినా, నెలాఖరు క్లోజింగు, ఆడిటర్లతో మాట్లాడ్డం అన్నీ. తిరిగొచ్చినాక ఇంటర్వ్యూల్లో నన్ను అడిగింది ఆ పదకొండు నెలల గురించే. నీ ఫీల్డుకి బర్మింగ్‌హామ్, కవెంట్రీ, డెర్బీ వైపు చూడు, కార్లు, ఇంజిన్ల పార్టుల పరిశ్రమ ఎక్కువగా ఉండేది ఆ మిడ్‌లాండ్స్‌లోనే. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్, సప్లయర్ క్వాలిటీ అని టెంపరరీ పోస్టులు వెతుకు. శ్రీసిటీలో నువ్వు ఏ పార్టు చూసేవాడివి, ఏ కొలత పరికరం వాడేవాడివి, రిజెక్షన్ ఎంత నుంచి ఎంతకి తగ్గించినావు, ఇవి రెజ్యూమెలో అంకెలతో రాయి. వాళ్ళకి మన కంపెనీ పేరు తెలియదు, నువ్వు చేసిన పని మాత్రం తెలుస్తాది.

రెండేళ్ళ తర్వాత ఆడే ఉండిపోవచ్చా అని నువ్వడగలేదు, కానీ ఇంట్లో అడుగుతారు. స్కిల్డ్ వర్కర్ వీసాకి ఆడుండే మారొచ్చు, కానీ 2025 జూలై నుంచి మామూలుగా జీతం సంవత్సరానికి 41,700 పౌండ్లన్నా ఉండాల, కొన్ని ఉద్యోగాలకి అంతకంటే ఎక్కువ. 26 లోపు వయసున్నోళ్ళకి 33,400 అని తక్కువ గీత ఉంది, నీ వయసుకి అది వర్తించదు. పైగా ఆ కంపెనీకి స్పాన్సర్ లైసెన్సు ఉండాల. ఈ రెండేళ్ళు శాశ్వత నివాసం లెక్కలోకి రావు. కాబట్టి తిరిగొస్తాననే లెక్కతోనే పో, ఉండే అవకాశం వస్తే అప్పుడు చూసుకో.

ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు నీకు. అదీ ఉంది, 2024 నుంచి మనోళ్ళకి సంవత్సరానికి 1,000, దానికీ బ్యాలెట్టే, పేరు వెయ్యడానికి 25 ఆస్ట్రేలియా డాలర్లు. కానీ మామూలుగా ఒక యజమాని దగ్గర ఆరు నెలలకి మించి పని చెయ్యనివ్వరు, వీసా కూడా మొదట పన్నెండు నెలలే. తోటల్లో, హోటళ్ళలో పని చేసి దేశం చూసొచ్చేదానికి మంచిదే. క్వాలిటీ ఇంజనీరుగా అనుభవం కావాలనుకునే నీకు యూకేదే సరిపోతాది.

నీకు 29 అంటున్నావు. వీసాకి అప్లై చేసే రోజుకి 31 నిండకూడదు, బ్యాలెట్ వేసిన రోజుకి కాదు, కాబట్టి నీకు రెండు నుంచి నాలుగు బ్యాలెట్లు మిగిలుంటాయి, ఆఖరిదాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఇప్పుడే పాస్‌పోర్ట్ తీసి చూడు. ఒకటి, గడువు దగ్గర పడుంటే బ్యాలెట్‌కి ముందే కొత్తది చేయించుకో, మధ్యలో నంబరు మారితే తలనొప్పి. రెండు, మన దాంట్లో ఇంటిపేరు సగం మందికి ఒక్క అక్షరంగానే ఉంటాది, డిగ్రీలో ఒకరకంగా పాస్‌పోర్ట్‌లో ఒకరకంగా. బ్యాలెట్ ఫారంలో పాస్‌పోర్ట్‌లో ఎట్ల ఉంటే అట్లనే అక్షరం పొల్లుపోకుండా కొట్టు. డిగ్రీలో పేరు తేడా ఉంటే టెన్త్ సర్టిఫికెట్టు జత చేసి, రెండు పేర్లూ ఒకరివే అని ఒక లెటరు రాసి పెట్టుకో. నోటీసు పీరియడ్ ఎంతో, పాస్‌పోర్ట్ ఎప్పటిదాకా ఉందో చూసి ఇక్కడే రాయి, తేదీలు వేసి లెక్క చేసి ఇస్తా.